ఆ ఆయిల్ డబ్బా అసలుదేనా? ఫొటోలో పట్టుకోవడం ఎలా

బండికి ఆయిల్ మార్పించాక ఖాళీ డబ్బాను మెకానిక్ షాపులోనే వదిలేసి వస్తాం. ఆ డబ్బా పాత సామాన్ల వాళ్ల చేతికి వెళుతుంది. మూత, లేబుల్ చెక్కుచెదరకుండా ఉన్న ఖాళీ డబ్బాకు, నలిగి చినిగిన డబ్బా కంటే ఎక్కువ ధర పలికిందంటే దాన్ని కరిగించడానికి కొనడం లేదని అర్థం. అందులో వడకట్టిన పాత ఆయిలో, ఏ మందులూ కలపని చవక బేస్ ఆయిలో నింపి మళ్లీ అంగడికి పంపుతారు. నకిలీల్లో ఇది మొదటి రకం. రెండో రకంలో డబ్బా, మూత, లేబుల్ అన్నీ కొత్తగా తయారుచేస్తారు.

ఈ తేడా గుర్తుంచుకోవాలి. మొదటి రకంలో డబ్బా, లేబుల్ అసలువే కాబట్టి వాటిలో తప్పు దొరకదు. మోసం మూత దగ్గర, సీలు దగ్గర, బ్యాచ్ నంబర్ దగ్గర బయటపడుతుంది. రెండో రకంలో లేబుల్ అచ్చు, డబ్బా ప్లాస్టిక్ పట్టిస్తాయి. అందుకే ఏదో ఒక్క గుర్తు చూసి తేల్చేయకూడదు. మూత, లేబుల్, బ్యాచ్, డబ్బా నాలుగూ ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా అన్నదే అసలు పరీక్ష. మంచి ఫొటోలు ఉంటే ఈ పరీక్షలో చాలా భాగం ఫోన్‌లోనే చేయవచ్చు.

ఫొటో తీయడంలోనే సగం పని

ఫ్లాష్ వాడితే ప్లాస్టిక్ మీద వెలుగు మరక పడి, చూడాల్సిన చోటే తెల్లబోతుంది. పగటిపూట నీడపట్టున, డబ్బాకు ఎదురుగా ఫోన్ నిటారుగా పట్టుకుని తీయాలి. ఐదు ఫొటోలు చాలు: ముందు లేబుల్, వెనుక లేబుల్, మూత పక్క నుంచి, బ్యాచ్ నంబర్ దగ్గరగా, డబ్బా అడుగు. బ్యాచ్ నంబర్‌కూ అడుగుకూ మాత్రం వెలుగు పక్క నుంచి ఏటవాలుగా పడాలి. అలా పడితేనే గీతలు, గుంటలు, గీకిన జాడలు కనిపిస్తాయి.

మరొకరికి పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. అది చూసి అచ్చు బాగాలేదనుకుంటే అసలు డబ్బాను నకిలీ అన్నట్టవుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫొటో ఉన్నది ఉన్నట్టు వెళుతుంది. రంగును మాత్రం ఫొటో చూసి నమ్మవద్దు. ఒకే డబ్బా ట్యూబ్‌లైటు కింద ఒక రంగులో, ఎండలో మరో రంగులో పడుతుంది. అనుమానమున్న డబ్బానూ, నమ్మకమైన చోట కొన్న అదే రకం డబ్బానూ పక్కపక్కన నిలబెట్టి ఒకే ఫొటోలో తీస్తే రంగు తేడాకు విలువ ఉంటుంది.

మూత, దాని కింది సీలు

చాలా ఆయిల్ డబ్బాలకు మూత కింద ఒక ప్లాస్టిక్ రింగు ఉంటుంది. మూతనూ రింగునూ సన్నటి ప్లాస్టిక్ పోగులు కలిపి ఉంచుతాయి. మొదటిసారి తిప్పగానే అవి తెగి, రింగు డబ్బా మెడ మీద మిగిలిపోతుంది. పక్క నుంచి తీసిన ఫొటోను పెద్దది చేస్తే మూతకూ రింగుకూ మధ్య సందు చుట్టూ ఒకే మందంలో ఉండాలి, పోగులు తెగకుండా కనిపించాలి. ఒకవైపు సందు ఎక్కువైనా, పోగుల చోట జిగురు మెరిసినా, మూత అంచున పట్టకారు పట్టిన గాట్లున్నా ఆ మూత ఒకసారి తెరిచిందేనని అనుమానించాలి.

మూత తీశాక కనిపించే వెండి రంగు రేకు రెండో కాపలా. కంపెనీలో మూత బిగించిన డబ్బాను విద్యుత్ కాయిల్ కింద నుంచి పంపుతారు. కాయిల్ పుట్టించే వేడి రేకులోనే పుడుతుంది. రేకు అడుగున ఉన్న పల్చటి ప్లాస్టిక్ పొర కరిగి డబ్బా మూతికి అతుక్కుంటుంది. పైనుంచి ఏదీ తాకదు కాబట్టి రేకు నున్నగా, మధ్యలో సరిగ్గా కూర్చుని, చుట్టూ ఒకే వెడల్పు అతుకుతో ఉంటుంది. వేడి పలకతో పైనుంచి అదిమితే ముడతలు పడతాయి, కొన్నిచోట్ల మాడుతుంది, కొన్నిచోట్ల అతకదు.

రేకు ఉన్నంత మాత్రాన అసలుదని చెప్పలేం, చేతితో పట్టుకుని సీలు వేసే చిన్న యంత్రాలు బజారులో దొరుకుతాయి. కానీ ఒక జాడను దాచడం కష్టం. రేకు పీకాక డబ్బా మూతి అంచును దగ్గరగా ఫొటో తీయండి. మళ్లీ నింపిన డబ్బాలో, కొత్త రేకు అతుకు కింద పాత రేకు ముక్కలో, దాన్ని గీకిన గరుకో కనిపించవచ్చు. మెకానిక్ ఆయిల్ పోసేముందు ఒక్క నిమిషం ఆగమంటే ఈ ఫొటో దొరుకుతుంది.

లేబుల్ అచ్చు

లేబుల్‌ను దొంగ అచ్చు వేసేవాడు చాలాసార్లు అసలు లేబుల్‌ను స్కాన్ చేసి మొదలుపెడతాడు. బ్రాండు ముఖ్యమైన రంగును కంపెనీలు తరచుగా ఆ రంగు కోసమే కలిపిన ప్రత్యేక సిరాతో వేయిస్తాయి. భూతద్దం పెట్టి చూస్తే అది చుక్కలు లేని నిండు రంగుగా ఉంటుంది. స్కాన్ నుంచి వచ్చిన నకలులో అదే రంగు నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కల కలయికగా తేలుతుంది. ఫోన్ కెమెరాకు ఎదురుగా భూతద్దం పట్టుకున్నా ఇది ఫొటోలో పడుతుంది. కొన్ని అసలు లేబుళ్లూ చుక్కల పద్ధతిలోనే వస్తాయి కాబట్టి అసలు డబ్బాతో పోల్చకుండా దీన్ని తీర్పుగా తీసుకోకూడదు.

చిన్న అక్షరాలు ఇంకా నమ్మదగ్గవి. ముదురు రంగు మీద తెల్లగా ఉన్న సన్నటి అక్షరాలు చూడండి. నకలులో 'e', 'a' లాంటి అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి, అంచులకు రంగు నీడ పడుతుంది. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, నికర పరిమాణం, తయారైన నెల, సంవత్సరం, పన్నులతో కలిపిన ఎంఆర్‌పీ, ఫిర్యాదు వివరాలు డబ్బా మీద ఉండాలి. నకిలీలో తప్పులు ముందువైపు పెద్ద బొమ్మలో కంటే, ఎవరూ చదవరనుకున్న ఈ వెనుకవైపు వరుసల్లోనే ఎక్కువగా దొరుకుతాయి.

క్యూఆర్ కోడ్ ఉందని నిశ్చింతగా ఉండకండి. దాన్ని ఫొటో తీసి అచ్చు వేస్తే అది కూడా అసలు కంపెనీ పేజీనే తెరుస్తుంది. ప్రతి డబ్బాకూ వేరే కోడ్ ఉండి, ఇది ముందే వాడేశారా లేదా అని చెప్పే ఏర్పాటు ఉంటేనే దానితో ఉపయోగం.

బ్యాచ్ నంబర్, డబ్బా అడుగు

బ్యాచ్ నంబర్ రెండు విధాలుగా వేస్తారు. ఒకటి చుక్కచుక్కలుగా పడే సిరా. దీన్ని థిన్నర్‌తో తుడిచేసి కొత్తది కొట్టవచ్చు. తుడిచిన చోట ప్లాస్టిక్ మెరుపు మారుతుంది, పాత అంకెల నీడ మిగలవచ్చు. రెండోది లేజర్‌తో చెక్కేది. లేజర్ వేడికి ప్లాస్టిక్ పైపొరే మారిపోతుంది కాబట్టి అది తుడిస్తే పోదు. గీకి తీయాల్సిందే, గీకిన చోట మెరుపు పోయి మచ్చలా కనిపిస్తుంది. ఏటవాలు వెలుగులో ఫొటో తీయమన్నది ఇందుకే.

ఇక డబ్బాను తలకిందులు చేయండి. వీటిలో ఎక్కువ భాగం హెచ్‌డీపీఈ ప్లాస్టిక్‌తో గాలి ఊది చేసినవి. అడుగున త్రికోణంలో 2 అంకె, ఏ అచ్చులో పోసిందో చెప్పే నంబర్ ఉంటాయి. అడుగు మధ్యలో అడ్డంగా కనిపించే అతుకు గీతను చాలామంది లోపమనుకుంటారు. అది కరిగిన ప్లాస్టిక్ గొట్టాన్ని అచ్చు నొక్కి కత్తిరించిన జాడ, అసలు డబ్బాకూ ఉంటుంది. ఆ గీత వెంట ప్లాస్టిక్ రేకులా పొడుచుకు వచ్చినా, గోడల్లో నల్లటి నలుసులున్నా, ఉబ్బెత్తు అక్షరాల అంచులు మొద్దుబారినా అనుమానించాలి.

కొన్ని డబ్బాల అడుగున గడియారంలాంటి చిన్న వృత్తం ఉంటుంది. చుట్టూ 1 నుంచి 12 వరకు అంకెలు, మధ్యలో బాణం, బాణానికి రెండు పక్కలా సంవత్సరం. అది డబ్బా పోసిన నెల. నాలుగు గుర్తులనూ కలిపి చదవడానికి ఇదే దారి చూపుతుంది.

ఒక బైక్ ఆయిల్ డబ్బా ఫొటోలు మన ముందున్నాయి అనుకుందాం. లేబుల్ అచ్చు అసలు డబ్బాలాగే శుభ్రంగా ఉంది. ప్లాస్టిక్‌లో నలుసులు లేవు. ఈ రెండూ చూసి చాలామంది అసలుదే అంటారు. బ్యాచ్ దగ్గర తయారీ నెల 2025 ఫిబ్రవరి అని సిరాతో ఉంది. అడుగున బాణం 7 వైపు చూస్తోంది, పక్కన 23 అని ఉంది. అంటే డబ్బా 2023 జూలైలో పోసింది, ఆయిల్ నింపింది 19 నెలల తర్వాత. ఖాళీ డబ్బాలు చాలా చోటు తింటాయి కాబట్టి పెద్ద కంపెనీలు వాటిని అంతకాలం నిల్వ ఉంచడం మామూలు కాదు. ఏటవాలు వెలుగులో చూస్తే సిరా అంకెల కింద మెరుపు పోయిన చదరం ఉంది. రేకు ఒక పక్కకు జరిగి ముడతపడింది. లేబుల్, డబ్బా అసలువి, తేదీ, సీలు కొత్తవి. ఇది మళ్లీ నింపిన డబ్బా అనడానికి మూడు వేర్వేరు ఆధారాలు దొరికాయి.

ఇందులో తేదీల తేడా ఒక్కటే ఉంటే అంత గట్టిగా చెప్పలేం. అదే ఆయిల్ నింపిన నెల డబ్బా పోసిన నెల కంటే ముందుంటే మాత్రం సాకు లేదు. ఇంకా పుట్టని డబ్బాలో ఆయిల్ నింపలేరు కదా.

షాపులో అట్టపెట్టె మొత్తం చూసే వీలుంటే పని ఇంకా తేలిక. అసలు పెట్టెలో బ్యాచ్ నంబర్ పెట్టె మీదా డబ్బాల మీదా ఒకటే ఉంటుంది. అచ్చు నంబర్లు మాత్రం రకరకాలుగా ఉండవచ్చు, ఎందుకంటే ఫ్యాక్టరీలో చాలా అచ్చులు ఒకేసారి పనిచేస్తాయి. ఏరుకొచ్చి నింపిన డబ్బాల్లో పాత బ్యాచ్ నంబర్లు తలా ఒకటి ఉంటాయి. ఒకే అచ్చుతో చేసిన నకిలీల్లో అచ్చు నంబరు కూడా ప్రతి డబ్బాకూ ఒకటే.

ఫొటో చెప్పలేనిది

డబ్బా లోపలి ఆయిల్ మంచిదో కాదో ఫొటో చెప్పదు. చిక్కదనం, అందులో కలిపిన జింకు, ఫాస్ఫరస్ మోతాదులు ల్యాబులోనే తేలతాయి. కంపెనీలు డబ్బా రూపం మారుస్తుంటాయి కాబట్టి పాత స్టాకును నకిలీగా పొరబడే ప్రమాదమూ ఉంది. అందుకే షాపు వాడిని దొంగ అనే ముందు కంపెనీకి ఫొటోలు పంపాలి. ఆ డబ్బా మీదున్న ఫోన్ నంబర్‌కు మాత్రం చేయకండి, డబ్బా నకిలీదైతే ఆ నంబరూ నకిలీది కావచ్చు. కంపెనీ వెబ్‌సైట్‌లో దొరికే నంబరు వాడండి.

ఆయిల్ పోయకముందే అనుమానం వస్తే బిల్లుతో పాటు డబ్బాను అలాగే ఉంచండి. పోసేశాక వస్తే డబ్బా, మూత, పీకిన రేకు మూడూ దాచండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేయవచ్చు. నకిలీ ట్రేడ్ మార్కు వేయడానికీ, అలాంటి సరుకు అమ్మడానికీ 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం 103, 104 సెక్షన్ల కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ. 50 వేల నుంచి రూ. 2 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. డబ్బా అసలుదే అని తేలినా, ఆయిల్ పోశాక దాని మెడ కోసి, లేబుల్ మీద అడ్డంగా చీల్చి పారేయండి. మూత బిగించడానికి మెడ లేని డబ్బా నకిలీ నింపేవాడికి పనికిరాదు.