ఇంటికి కొత్త కరెంటు మీటరు: ఆన్‌లైన్‌లో ఎలా అప్లై చేయాలి?

దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలో ఉన్నవారు tgsouthernpower.org వెబ్‌సైట్‌లో కొత్త కనెక్షన్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. పక్కింటివాళ్ల కరెంటు బిల్లు ఒకటి దగ్గర పెట్టుకోండి. దాని మీదున్న యూనిక్ సర్వీస్ నంబరుతో మీ ఇల్లు ఏ సెక్షన్ ఆఫీసు కిందికి వస్తుందో తెలుస్తుంది. ఫారంలో ఈ మూడు విషయాలు జాగ్రత్తగా నింపండి.

1. కేటగిరీ

ఇంటి వాడకానికి కేటగిరీ-1 (డొమెస్టిక్) ఎంచుకోవాలి. గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు ఈ కేటగిరీకే వర్తిస్తుంది. కేటగిరీ-2 అంటే దుకాణాలు, ఆఫీసులు. పొరపాటున అది పెడితే తెల్ల రేషన్ కార్డు ఉన్నా జీరో బిల్లు రాదు. ఇంటి ముందు గదిలో కిరాణా కొట్టు ఉంటే దానికి వేరే మీటరు తీసుకోండి.

2. లోడు

ఇంట్లో ఉన్న వస్తువుల వాట్లు కూడితే అదే మీ లోడు. ఉదాహరణకు ఒక ఇంట్లో నాలుగు ఎల్ఈడీ బల్బులకు 36, రెండు ఫ్యాన్లకు 150, టీవీకి 100, ఫ్రిజ్‌కు 200, మిక్సీకి 500, అర హెచ్‌పీ మోటారుకు 375 వాట్లు అనుకుందాం. మొత్తం 1,361 వాట్లు. ఒక కిలోవాట్ అంటే 1,000 వాట్లు కాబట్టి ఈ ఇంటికి 2 కిలోవాట్లు పెట్టాలి.

డబ్బులు తగ్గుతాయని 1 కిలోవాట్ రాస్తే, తర్వాత తనిఖీలో అదనపు లోడు బయటపడి నోటీసు వస్తుంది. అలాగని 5 కిలోవాట్లు రాయొద్దు. డెవలప్‌మెంట్ చార్జీలు, సెక్యూరిటీ డిపాజిట్ కిలోవాట్ల లెక్కనే కట్టాలి. ఏసీ కొన్నప్పుడు లోడు పెంచుకోవచ్చు.

3. ఇంటి ఆధారం

ఆధార్‌తో పాటు రిజిస్ట్రేషన్ దస్తావేజు లేదా ఇంటి పన్ను రశీదు పెట్టండి. అందులోని పేరు, దరఖాస్తుదారు పేరు ఒకటే ఉండాలి. చాలా దరఖాస్తులు ఆగేది ఇక్కడే.

ఇంటి పన్ను మామగారి పేరు మీద ఉంటే ఆయన పేరుతోనే అప్లై చేయండి, లేదా ఆయన సంతకంతో అంగీకార పత్రం జత చేయండి. ఆయన చనిపోయి ఉంటే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం కావాలి. అద్దెకున్నవారికి ఓనరు అంగీకారం అవసరం. అదే ఇంటి మీద పాత బిల్లు బాకీ ఉంటే ముందు అది కట్టాలి. ఒక్క మాట: మీటరు మీ పేరు మీద వచ్చినంత మాత్రాన ఇంటి మీద హక్కు వచ్చినట్టు కాదు.

ఆ తర్వాత?

ఆన్‌లైన్‌లోనే డబ్బు కట్టి, దరఖాస్తు నంబరు రాసి పెట్టుకోండి. అన్ని కాగితాలూ సరిగ్గా ఉంటే, 2024లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం మున్సిపాలిటీల్లో 7 రోజుల్లో, పల్లెల్లో 15 రోజుల్లో కనెక్షన్ ఇవ్వాలి. కొత్తగా స్తంభాలు, లైను వేయాల్సి వస్తే ఇంకా సమయం పడుతుంది. గడువు దాటితే దరఖాస్తు నంబరుతో 1912కు ఫోన్ చేయండి.

మీటరు బిగించాక జీరో బిల్లు దానంతట అదే రాదు. రేషన్ కార్డు, ఆధార్, కొత్త సర్వీసు నంబరుతో మండల పరిషత్ లేదా మున్సిపల్ ఆఫీసులోని ప్రజాపాలన సేవా కేంద్రంలో గృహజ్యోతికి దరఖాస్తు ఇవ్వండి.