రెండు గంటల పని మూడింటికి

ఒక పాల డెయిరీ అనుకుందాం. పగలు కేంద్రాల్లో పోసిన పాలకు వెన్న శాతాన్ని బట్టి లెక్క కట్టి, దాణా అప్పు కిస్తీ కోసి, రైతు ఖాతాలో జమ వేసే ప్రోగ్రాం రాత్రి 2 గంటలకు దానంతటదే నడుస్తుంది. 50 నిమిషాల పని. తెల్లవారి 5 గంటలకు కేంద్రాలు తెరిచేసరికి స్లిప్పులు సిద్ధంగా ఉండాలి.

ఈమధ్య అది 4 గంటలు దాటినా ముగియడం లేదు. ఒంటి గంటకు మొదలయ్యే బ్యాకప్ డేటా పెరిగి 2.40 దాకా సాగుతోంది. రెండూ ఒకే డిస్కు మీద పడి నలుగుతున్నాయి. అందుకని జాబ్‌ను 3 గంటలకు మారుస్తామంటూ మార్పు అభ్యర్థన పెట్టారు. సర్వర్ గడియారం యూటీసీలో ఉంది కాబట్టి మన 3 గంటలు దానికి ముందురోజు రాత్రి 9.30. మారేది ఇంతే:

```
30 20 * * *   (పాతది)
30 21 * * *   (కొత్తది)
```

ఒక్క అంకె మార్చడానికి ఇంత కాగితం ఎందుకని విసుక్కునేవాళ్లు ఉంటారు. రాత్రి రెండున్నరకు మార్చి చూడండి. 2 గంటలకు ఒకసారి నడిచిన జాబ్ 3 గంటలకు మళ్లీ నడుస్తుంది. ప్రోగ్రాం ముందే పట్టుకోకపోతే కిస్తీ రెండుసార్లు కోతపడుతుంది. అందుకే అభ్యర్థనలో మార్పు సమయం పగలు 11 గంటలని రాశారు.

ఇక వెనక్కి తిరిగే దారి. మొదటి చిత్తులో ‘సమస్య వస్తే పాత సమయం పెడతాం’ అని ఒక్క ముక్కే ఉంది. ఆమోదించాల్సిన అధికారి దాన్ని తిప్పి పంపారు. ఆయన అడిగింది న్యాయమే. పాత సమయం పెట్టినంత మాత్రాన గడిచిపోయిన 2 గంటలు తిరిగి రావు, అది రేపటి రాత్రికే పనికొస్తుంది. మరి ఈ రాత్రి సగంలో ఆగిన లెక్క సంగతేమిటి?

రెండో చిత్తులో ఆ రాత్రికి వేరే దారి రాశారు. 4.15కల్లా జాబ్ ముగియకపోతే డ్యూటీలో ఉన్న ఉద్యోగి ఎవరినీ అడక్కుండా దాన్ని ఆపాలి. ఆ రాత్రి బ్యాచ్ నంబరుతో పడిన జమలు, కోతలు తీసేయాలి. కేంద్రాలకు నిన్నటి నిల్వతోనే స్లిప్పులు పంపాలి. తీసేయడానికి పావుగంట, స్లిప్పులకు పావుగంట. అంటే 4.45కు అయిపోతుంది. 4.15 అన్న గీత అలా వెనక నుంచి లెక్క కట్టి గీసిందే. ఆగిన లెక్కను పగలు మళ్లీ నడిపిస్తారు.

పాత షెడ్యూలుకు రావడం సులువు. మార్చే ముందు ఒక కాపీ తీసి పెట్టుకుంటే, తెల్లవారాక రెండో ఆదేశంతో తిరిగి ఎక్కించవచ్చు:

```
crontab -l > old.cron
crontab old.cron
```

ఈసారి ఆమోదం వచ్చింది, ఒక్క షరతుతో: రైతులకు పదిహేను రోజుల బిల్లు చెల్లించే రాత్రి మాత్రం ఇది మొదలుపెట్టకూడదు.