కొండల మీద చిక్కబడే రక్తం

రక్తంలో ఎర్ర కణాలు ఎంత భాగం ఆక్రమించి ఉన్నాయో చెప్పే కొలతే హెమటోక్రిట్. రక్తాన్ని సన్నటి గొట్టంలో పోసి వేగంగా తిప్పితే బరువైన ఎర్ర కణాలు అడుగుకు చేరతాయి, పసుపు రంగు ప్లాస్మా పైకి తేలుతుంది. గొట్టంలో నూటికి 45 వంతులు ఎర్రగా ఉంటే హెమటోక్రిట్ 45 శాతం. సముద్ర మట్టానికి దగ్గరగా ఉండే ఆరోగ్యవంతులైన మగవారిలో ఇది సుమారు 40 నుంచి 50 శాతం ఉంటుంది, ఆడవారిలో కొంత తక్కువ. ఇప్పుడు ఈ అంకెను యంత్రాలే లెక్కగట్టి రిపోర్టులో హిమోగ్లోబిన్ పక్కనే ఇస్తున్నాయి.

ఎర్ర కణాలు ఆక్సిజన్ మోస్తాయి కనుక అవి ఎంత ఎక్కువుంటే అంత మేలనిపిస్తుంది. కానీ కణాలు పెరిగేకొద్దీ రక్తం చిక్కబడుతుంది, ఆ చిక్కదనం కూడా ఒకే తీరున పెరగదు. 45 శాతం దగ్గర రక్తం నీటికన్నా మూడు నాలుగు రెట్లు చిక్కగా ఉంటుంది. హెమటోక్రిట్ 60కి చేరేసరికి ఆ చిక్కదనం దాదాపు రెట్టింపవుతుంది. అప్పుడు ఒక్కో చుక్కలో ఆక్సిజన్ ఎక్కువే ఉన్నా, నిమిషానికి అవయవాలకు చేరే చుక్కలు తగ్గుతాయి. గుండె మీద భారం పెరుగుతుంది, ప్రవాహం మందగించిన చోట గడ్డలు కట్టే ప్రమాదమూ పెరుగుతుంది.

ఎత్తయిన కొండల మీద శరీరం చేసేదంతా ఈ లాభనష్టాల మధ్య బేరమే. పెరూలోని సెర్రో దె పాస్కో గనుల పట్టణం 4,300 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలిలోనూ ఆక్సిజన్ వంతు 21 శాతమే, కానీ గాలి పీడనం సముద్ర తీరంతో పోలిస్తే సుమారు 60 శాతానికి పడిపోతుంది. ఒక గ్రాము హిమోగ్లోబిన్ నిండితే 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. తీరంలో 100 మిల్లీలీటర్ల రక్తంలో 15 గ్రాముల హిమోగ్లోబిన్, 98 శాతం నింపుదల ఉన్న మనిషి దాదాపు 19.7 మిల్లీలీటర్లు మోస్తాడు. పైన నింపుదల 87 శాతానికి పడితే అదే హిమోగ్లోబిన్ మోసేది 17.5 మాత్రమే. హిమోగ్లోబిన్ 17 గ్రాములకు పెరిగితే లెక్క మళ్లీ 19.8కి వస్తుంది. అంటే లోటు తీరడానికి కొద్దిపాటి పెరుగుదల చాలు.

ఈ పెరుగుదల రెండు దశల్లో జరుగుతుంది. కొండెక్కిన ఒకటి రెండు రోజుల్లోనే హెమటోక్రిట్ పైకి వెళుతుంది. అయితే అప్పటికి కొత్త కణాలేవీ పుట్టవు. ప్లాస్మాలో నీరు తగ్గడం వల్ల ఉన్న కణాలే దట్టంగా కనిపిస్తాయి. ఇంతలో ఆక్సిజన్ లోటును గుర్తించిన మూత్రపిండాలు కొన్ని గంటల్లోనే ఎరిత్రోపాయిటిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తాయి. అది ఎముక మజ్జకు చేరి ఎర్ర కణాల తయారీని పెంచుతుంది. నిజమైన పెరుగుదల కనిపించడానికి వారాలు పడుతుంది. ఇలా బయటి కారణంతో, హార్మోన్ ఆదేశంతో కణాలు పెరగడమే సెకండరీ పాలిసైథీమియా. ఇక్కడ మజ్జలో లోపమేమీ లేదు, అది చెప్పిన పని చేస్తోంది.

కొందరిలో మాత్రం ఈ ఏర్పాటు అవసరాన్ని దాటిపోతుంది. 1925లో లిమాలోని వైద్య అకాడమీ ముందు కార్లోస్ మోంగే అనే వైద్యుడు సెర్రో దె పాస్కో నుంచి వచ్చిన ఒక రోగి గురించి వివరించాడు. ముఖం నీలి ఎరుపు, రక్తంలో విపరీతంగా ఎర్ర కణాలు. ఫ్రెంచి వైద్యుడు వాకేజ్ 1892లో వర్ణించిన మజ్జ వ్యాధే ఇదని మోంగే మొదట భావించాడు. కానీ ఇలాంటి రోగులు కిందికి దిగితే కోలుకునేవారు, మళ్లీ పైకి వెళితే జబ్బు తిరగబెట్టేది. మజ్జ వ్యాధి అయితే ఊరు మారినంత మాత్రాన తగ్గదు. ఈ ఒక్క గమనికతో రెండు జబ్బులూ విడిపోయాయి. కొండ ప్రాంతపు ఈ దీర్ఘవ్యాధిని ఇప్పుడు మోంగే వ్యాధి అంటారు. మగవారిలో హిమోగ్లోబిన్ 21, ఆడవారిలో 19 గ్రాములు దాటి, తలనొప్పి, ఆయాసం, చెవుల్లో హోరు, నిద్రలేమి లాంటి బాధలు తోడైతే దాన్ని అనుమానిస్తారు. టిబెటన్లలో ఇది అరుదు. తరతరాలుగా వారిలో నిలిచిన జన్యు మార్పుల వల్ల 4,000 మీటర్ల ఎత్తులో కూడా చాలామంది హిమోగ్లోబిన్ మైదాన ప్రాంతాల వారి స్థాయికి దగ్గరగానే ఉంటుంది. ఎత్తుకు అలవాటు పడటమంటే రక్తం చిక్కబడటమే కాదనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

మజ్జ వ్యాధి, అంటే పాలిసైథీమియా వేరా, దీనికి పూర్తిగా భిన్నం. మజ్జలోని ఒక మూలకణంలో జాక్-2 అనే జన్యువు మారిపోయి, హార్మోన్ ఆదేశం లేకుండానే కణాలు తయారవుతూ పోతాయి. ఈ మార్పును 2005లో కనుగొన్నారు. రోగుల్లో 95 శాతానికి పైగా ఇది ఉంటుంది. రక్తంలో కణాలు సరిపడా ఉన్నాయని గ్రహించిన మూత్రపిండాలు హార్మోన్‌ను తగ్గించేస్తాయి, అయినా తయారీ ఆగదు. తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు కూడా తరచు పెరుగుతాయి. ప్లీహం ఉబ్బవచ్చు. వేడినీటి స్నానం తర్వాత ఒళ్లంతా దురద పెట్టడం దీని ప్రత్యేక లక్షణం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. శ్రీకాకుళం జిల్లా జవాను ఒకరు 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో ఏడాది పనిచేసి సెలవు మీద ఇంటికి వచ్చాడు. నాలుగో రోజు చేసిన పరీక్షలో హిమోగ్లోబిన్ 18, హెమటోక్రిట్ 54. మజ్జ వ్యాధిని అనుమానించే హద్దు మగవారికి 16.5, 49 కనుక కంగారు సహజమే. ఇక్కడ రెండు పొరపాట్లకు అవకాశం ఉంది. వేలికి పెట్టిన ఆక్సీమీటర్ 98 చూపిస్తుంది, దాంతో ఆక్సిజన్ లోటు లేదనిపిస్తుంది. కానీ ఆ లోటు కొండ మీదే ఉండిపోయింది. ఇక ఎరిత్రోపాయిటిన్ పరీక్ష చేస్తే తక్కువగా రావచ్చు, అది అచ్చం మజ్జ వ్యాధిలాగే కనిపిస్తుంది. కిందికి దిగగానే హార్మోన్ పడిపోవడమే దానికి కారణం. తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు మామూలుగా ఉండి, దురద, ప్లీహపు వాపు లేకపోతే రెండు నెలలు ఆగి మళ్లీ చూడటం సబబు. అప్పటికి హెమటోక్రిట్ 46కి దిగితే అది ఎత్తు ప్రభావమే. దిగకపోతే, లేదా మొదటి పరీక్షలోనే ప్లేట్‌లెట్లు ఆరు లక్షలు దాటి ఉంటే జాక్-2 పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష ఫలితాన్ని ఎత్తు మార్చలేదు.

కొండ ఎక్కనివారిలోనూ సెకండరీ రకం కనిపిస్తుంది. పొగతాగడం, నిద్రలో శ్వాస ఆగిపోయే గురక జబ్బు, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధి, పుట్టుకతో వచ్చే కొన్ని గుండె లోపాలు ముఖ్య కారణాలు. పొగతాగేవారి రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను మామూలు ఆక్సీమీటర్ మంచిదిగానే లెక్కేస్తుంది, అందువల్ల అంకె మోసం చేస్తుంది.

కారణం తేల్చడం చికిత్స కోసమే. పాలిసైథీమియా వేరాలో రక్తం తీసి హెమటోక్రిట్‌ను 45 కన్నా తక్కువ ఉంచాలి. 45 నుంచి 50 మధ్య వదిలేసినవారిలో గుండె, రక్తనాళాల వల్ల మరణాలు, పెద్ద గడ్డలు కలిపి సుమారు నాలుగు రెట్లు కనిపించాయని 2013లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. తక్కువ మోతాదు ఆస్పిరిన్, అవసరమైతే హైడ్రాక్సీయూరియా దీనికి తోడవుతాయి. మోంగే వ్యాధిలో రక్తం తీస్తే కొన్నాళ్ల ఊరట మాత్రమే, అసలు వైద్యం కిందికి దిగడమే. గుండె లోపం వల్ల పెరిగినప్పుడు తరచూ రక్తం తీస్తే ఇనుము తరిగి రోగి మరింత నీరసపడతాడు. అందుకే హెమటోక్రిట్ ఎక్కువని రిపోర్టు వచ్చినవారు డాక్టరుకు మూడు విషయాలు తప్పక చెప్పాలి: ఈ మధ్య ఎంత ఎత్తులో, ఎన్నాళ్లు ఉన్నారు, దిగి ఎన్ని రోజులైంది, పొగతాగే అలవాటుందా అన్నవి.