ధారావాహిక వీక్షకుల తగ్గుదల విశ్లేషణ

ధారావాహిక వీక్షకుల తగ్గుదల విశ్లేషణ అనగా ఒక ధారావాహికను చూసేవారి సంఖ్య ఎందుకు తగ్గుతున్నదో తెలుసుకొనుటకు వీక్షణ గణాంకాలను, వీక్షకుల సర్వే సమాధానాలను కలిపి పరిశీలించే పద్ధతి. వీక్షకులు ఏ భాగం వద్ద, ఏ నిమిషం వద్ద వెళ్ళిపోయారో గణాంకాలు చూపుతాయి గాని కారణం చెప్పవు. సర్వే కారణాలు చెబుతుంది గాని ఆ సమాధానాలు ఎవరివో చూడకపోతే తప్పుదారి పట్టిస్తుంది. అందువలన ఈ రెండింటినీ ఒకదానితో మరొకటి సరిచూస్తారు. యూట్యూబ్‌లో విడుదలయ్యే ధారావాహికలకు గణాంకాలు యూట్యూబ్ అనలిటిక్స్ ద్వారా నిర్మాతకు లభిస్తాయి.

== తగ్గుదల ఎక్కడ మొదలైనది ==

పాత భాగాలు ఎక్కువ కాలంగా అందుబాటులో ఉంటాయి కాబట్టి వాటి మొత్తం వీక్షణలు సహజంగానే ఎక్కువగా ఉంటాయి. అందుచేత ప్రతి భాగానికి విడుదలైన మొదటి 7 రోజుల వీక్షకుల సంఖ్యను మాత్రమే పోల్చాలి. ఒకే వ్యక్తి రెండుసార్లు చూస్తే రెండు వీక్షణలవుతాయి కనుక వీక్షణల కంటే వీక్షకుల సంఖ్య మేలు. అయితే అది కూడా ఒక అంచనాయే.

ఉదాహరణకు ఒక ఊహాజనిత ధారావాహిక మొదటి ఆరు భాగాలకు వరుసగా 40,000, 26,000, 24,000, 22,500, 21,500, 14,500 మంది వీక్షకులు ఉన్నారనుకుందాం. మొదటి భాగం తరువాత కలిగే తగ్గుదల సాధారణం. రుచి చూడడానికి వచ్చినవారిలో కొందరు మరలా రారు. తరువాత ప్రతి భాగానికి 4 నుండి 8 శాతం మంది మాత్రమే తగ్గారు. కాని అయిదవ భాగం నుండి ఆరవ భాగానికి దాదాపు మూడవ వంతు మంది తగ్గారు. వివరణ కావలసినది ఈ ఒక్క మెట్టుకే.

== సర్వేలోని చిక్కు ==

ఎనిమిదవ భాగం క్రింద ఉంచిన ప్రశ్నావళికి 500 మంది బదులిచ్చారని, వారిలో 260 మంది "కథ నెమ్మదిగా సాగుతున్నది" అన్నారని అనుకుందాం. కథ నెమ్మదించినందువలననే వీక్షకులు పోయారని వెంటనే తోస్తుంది. కాని ఎనిమిదవ భాగం క్రింద సమాధానమిచ్చినవారిలో అత్యధికులు ఇంకా చూస్తున్నవారే. వెళ్ళిపోయినవారికి ఆ ప్రశ్నావళి కనబడే అవకాశం తక్కువ. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలలో లిటరరీ డైజెస్ట్ పత్రిక 20 లక్షలకు పైగా సమాధానాలు సేకరించి కూడా లాండన్ గెలుస్తాడని తప్పుగా అంచనా వేసినది, గెలిచినది రూజ్‌వెల్ట్. సమాధానాల సంఖ్య ఎంత పెద్దదైనా, అడగవలసినవారిని అడగని లోపాన్ని పూడ్చలేదు.

దీనికి పరిష్కారంగా ప్రశ్నావళిని పాత భాగాల క్రింద, ఛానెల్ ప్రకటనలలో కూడా ఉంచి, "మీరు చివరగా చూసిన భాగం ఏది?" అన్న ప్రశ్నను మొదట అడగాలి. ఇదే సర్వేను గణాంకాలతో కలిపే ముడి. ఇట్లు అడిగినపుడు అయిదవ భాగంతో ఆగినవారు 100 మంది దొరికారనుకుందాం. వారిలో 20 మంది మాత్రమే కథ నెమ్మది అన్నారు. 55 మంది ఆరవ భాగం వచ్చినట్లే తెలియదన్నారు. ఎందుకు వెళ్ళిపోయారన్న ప్రశ్నకు ఈ 100 మంది మాటే ప్రమాణం. కొనసాగుతున్నవారి ఫిర్యాదు, వారు అసంతృప్తితోనైనా చూస్తున్నారని మాత్రమే తెలుపుతుంది.

== సరిచూచుట ==

సర్వే సూచించిన ప్రతి కారణానికి గణాంకాలలో ఒక గుర్తు ఉండాలి. కథ విసుగు పుట్టిస్తే అయిదవ భాగాన్ని మధ్యలోనే వదిలినవారు పెరగాలి. కాని చివరి వరకు చూసినవారు నాలుగవ భాగానికి 47 శాతం, అయిదవ భాగానికి 48 శాతం ఉన్నారనుకుంటే ఆ గుర్తు లేనట్లే. వార్త చేరకపోతే వీడియో చిత్రం వీక్షకుల తెరపై కనబడిన సార్లు తగ్గాలి. కనబడినపుడు నొక్కినవారి శాతం మాత్రం మారకూడదు. ఇవి మొదటిది 3,00,000 నుండి 2,00,000కు తగ్గి, రెండవది 6 శాతం వద్దనే నిలిస్తే సర్వే మాట బలపడుతుంది. విడుదల పట్టిక చూడగా, ప్రతి శుక్రవారం వచ్చే ధారావాహిక మూడు వారాల విరామం తరువాత ఒక మంగళవారం విడుదలైనట్లు తేలితే కారణం దొరికినట్లే.

ఆరవ భాగాన్ని సగటున ఎక్కువసేపు చూశారన్నది మాత్రం కథ బాగున్నదనుటకు సాక్ష్యం కాదు. ఆసక్తి తక్కువగలవారు వెళ్ళిపోతే మిగిలినవారి సగటు దానంతటదే పెరుగుతుంది.

== పరిమితులు ==

యూట్యూబ్ అనలిటిక్స్ వీక్షకుల పేర్లు తెలుపదు. కనుక ఒక వ్యక్తి సమాధానాన్ని అతని వీక్షణతో జతచేయలేము. సమూహాలను మాత్రమే పోల్చగలము. చివరగా చూసిన భాగాన్ని కొందరు తప్పుగా గుర్తుంచుకొంటారు. తెరపై కనబడిన సార్లు తగ్గుటకు విరామమే గాక, వీక్షకుల ఆసక్తి తగ్గుట వలన యూట్యూబ్ సిఫారసులు తగ్గుట కూడా కారణం కావచ్చును. అందువలన తుది పరీక్షగా విడుదలను మరల శుక్రవారానికి మార్చి, కథను మార్చకుండా కొన్ని భాగాలు గమనిస్తారు. పాత వీక్షకులు తిరిగి రాకపోతే ఆ వివరణను విడిచిపెట్టవలసి ఉంటుంది.