మసక చీటీకి మంచి జవాబు

కొట్టు కట్టేసే హడావుడిలో కిరాణా యజమాని సరుకుల చీటీని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. ఒక్క మాట కూడా రాయలేదు. ఫొటో చూస్తే సగం అక్షరాలు అలుక్కుపోయాయి.

‘కనబడట్లేదు, మళ్లీ పంపండి’ అంటే అదే గుడ్డి వెలుతురులో అలాంటిదే ఇంకోటి వస్తుంది. అనుభవమున్న హోల్‌సేల్ గుమాస్తా ఇలా రాస్తాడు: “అన్నా, చీటీ అందింది. కందిపప్పు 25 కేజీలు, పంచదార 50 కేజీల బస్తా ఒకటి రాసుకున్నాను. మూడో వరుసలో మినపగుళ్లు 10 కేజీలా, 70 కేజీలా? కింది రెండు వరుసల మీద నీడ పడింది. అవి వాయిస్‌లో చెప్పినా చాలు.”

చదివినవి తిరిగి రాయడంలోనే కిటుకుంది. తప్పు చదివితే కొట్టాయన అక్కడే పట్టేస్తాడు. చేతిరాతలో 1, 7 కలిసిపోవడం మామూలే. ఊహించి 70 పంపితే సరుకు వెనక్కొస్తుంది, ఆటో కిరాయి దండగ.

వెలుతురు తక్కువైతే కెమెరా ఎక్కువసేపు వెలుగు పీల్చుకోవాలి, ఆలోగా చెయ్యి కదిలితే గీతలు రెండుగా కనిపిస్తాయి. చీటీని బల్లమీద పెట్టి, పగటి వెలుతురులో తీసి, డాక్యుమెంట్‌గా పంపమనండి. అప్పుడు వాట్సాప్ ఫొటోను కుదించదు.