కారు వందలో పరుగెడుతున్నా ఊరెందుకు త్వరగా రాదు?

హైదరాబాద్ నుంచి విజయవాడకు సుమారు 275 కిలోమీటర్లు. హైవే మీద కారు ముల్లు 100 దగ్గరుంది. అంటే మూడు గంటల్లోపే అమ్మమ్మ ఇంట్లో ఉండాలి కదా! మరి నాన్న ఐదున్నర గంటలంటారేం?

కుళాయి కింద బకెట్ పెట్టి చూడండి. నీళ్లు కాసేపు జోరుగా, కాసేపు సన్నటి ధారగా వస్తాయి, మధ్యలో ఆగిపోతాయి కూడా. బకెట్ ఎప్పుడు నిండుతుందో జోరు ధారను మాత్రమే చూసి చెప్పలేం. ప్రయాణమూ అంతే.

దారిని మూడు ముక్కలు చేద్దాం. ఇంటి నుంచి హయత్‌నగర్ దాటేదాకా 25 కిలోమీటర్లే, కానీ సిగ్నళ్ల వల్ల గంట పడుతుంది. తర్వాత 225 కిలోమీటర్ల హైవే. లారీలు, టోల్‌గేట్లు, ఊళ్ల దగ్గర నెమ్మదించడం కలిపితే గంటకు సగటున 75 చొప్పున మూడు గంటలు. చివరి 25 కిలోమీటర్లకు ముప్పావుగంట. సూర్యాపేటలో ఇడ్లీ, టీ, బాత్రూమ్‌కి ఇంకో ముప్పావుగంట. మొత్తం ఐదున్నర!

275ని ఐదున్నరతో భాగిస్తే 50 వస్తుంది. అదే మన సగటు వేగం. ముల్లు చూపే 100 ఆ క్షణానిదే.

హైవే మీద సగటు 90కి పెంచినా మిగిలేది అరగంటే. ఒక్క ఇడ్లీ విరామంలో అది హుష్ కాకి!

ఈసారి బయల్దేరేముందు దూరాన్ని 50తో భాగించి చూడండి.