బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం

బంధువుల వాట్సాప్ గ్రూపులో గృహప్రవేశం ఆహ్వానం పడగానే చేతులు జోడించిన బొమ్మలు, పూలగుత్తులు వరసకడతాయి. ప్రశ్నలు మాత్రం ముందురోజు సాయంత్రానికి గానీ మొదలవవు. "వదినా, ముహూర్తం ఇవాళ రాత్రికా, రేపు రాత్రికా?" "బావగారూ, మీరు పెట్టిన లొకేషన్ ఎక్కడో ప్రహరీ గోడ వెనక్కి తీసుకెళ్తోంది." "కారు ఎక్కడ పెట్టుకోవాలి?" ఆ వేళకి ఇంటివాళ్లు మామిడాకులు, గుమ్మడికాయ, హోమానికి ఇటుకలు సమకూర్చుకునే హడావుడిలో ఉంటారు. ఫోను ఎవరి దగ్గరుందో వాళ్లకే తెలియదు.

వీటిలో మొదటి ప్రశ్నే అన్నిటికంటే ప్రమాదకరం. గృహప్రవేశాలు చాలావరకు తెల్లవారకముందే జరుగుతాయి. హైదరాబాద్ నిజాంపేటలో కొత్త ఫ్లాట్ కొన్న ఒక కుటుంబానికి పురోహితుడు 4 గంటల 12 నిమిషాల ముహూర్తం పెట్టాడనుకుందాం. ఆయన కాగితం మీద "బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం, తె. 4.12" అని రాసిస్తాడు. పంచాంగంలో వారం సూర్యోదయంతో మొదలై మర్నాటి సూర్యోదయం దాకా నడుస్తుంది. ఆ లెక్కన 4.12 ఇంకా బుధవారమే. గోడమీది క్యాలెండర్‌కీ ఫోనుకీ అర్ధరాత్రి దాటగానే గురువారం వచ్చేస్తుంది.

పాతకాలపు శుభలేఖలు రెండు వారాల పేర్లూ కలిపి రాసింది ఇందుకే. ఇప్పుడు కార్డు తయారుచేసే కుర్రాడు ఆ వాక్యం పొడుగైందని "బుధవారం, ఫిబ్రవరి 25, ఉదయం 4.12" అని కుదించేస్తాడు. ఆ ఒక్క ముక్కతో సగం మంది బంధువులు ఒకరోజు ముందే, మంగళవారం రాత్రే బయల్దేరతారు. తాళం వేసిన కొత్త ఇంటి ముందు నిలబడి ఫోన్ చేస్తారు. పురోహితుణ్ని అడిగి ఉంటే అది కుదరదని వెంటనే చెప్పేవాడు. ఫోను లెక్కలో బుధవారం తెల్లవారుజామంటే పంచాంగం లెక్కలో ఇంకా మంగళవారమే. మంగళవారం గృహప్రవేశానికి సాధారణంగా ముహూర్తం పెట్టరు.

అమెరికా బంధువులకు ఇదే సమయం మరో రకంగా కనిపిస్తుంది. వీడియోలో చూడాలనుకునే డల్లాస్ మేనకోడలికి ఫిబ్రవరిలో మన గురువారం తెల్లవారుజాము 4.12 అంటే బుధవారం సాయంత్రం 4.42. న్యూజెర్సీలో ఉన్నవాళ్లకు 5.42. వాళ్ల గడియారం ప్రకారం ఒక వరుస రాసిపెడితే పిల్లలు ఆఫీసులో ముందే చెప్పుకుంటారు.

ఇంకో చిక్కు, ఒక్క సమయమే ఇవ్వడం. 4.12 అన్నది గడపలో కాలు పెట్టే క్షణం. అంతకుముందే గడప పూజ, గోపూజ ఉంటాయి. ఆవూ దూడా ముందు నడిస్తే, దేవుడి పటం, పూర్ణకుంభంతో దంపతులు లోపలికి వస్తారు. తర్వాత పాలు పొంగించాలి. చాలా ఇళ్లలో ఆ పని ఆడపడుచుది. ఆమె 4.12కి ఆటో దిగితే ఆలస్యమైనట్టే. పొద్దెక్కాక సత్యనారాయణ వ్రతం, మధ్యాహ్నం భోజనాలు. అయితే కార్డు మీద 4.12 ఒక్కటే చూసిన పెద్దవాళ్లలో కొందరు చలిలో లేచి పడుతూ లేస్తూ వస్తారు, కొందరు "అంత పొద్దున మావల్ల కాదమ్మా" అని పూర్తిగా మానేస్తారు. వాళ్లు తొమ్మిదింటికి వ్రతానికి వచ్చినా ఇంటివాళ్లకు సంతోషమే. ఆ మాట రాస్తేనే కదా వాళ్లకు తెలిసేది.

చిరునామా సంగతికొస్తే, కొత్త ఇల్లు కాబట్టి ఊరికి ఇంకా అలవాటైన పేరుండదు. డోర్ నంబరు కొన్నిసార్లు వచ్చి కూడా ఉండదు. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ కాగితాలకు పనికొస్తుంది గానీ ఆటో డ్రైవర్‌కు కాదు. అందుకే అందరూ లొకేషన్ పంపుతారు, అక్కడే రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, లైవ్ లొకేషన్ పంపడం. వాట్సాప్‌లో అది 15 నిమిషాలు, గంట, లేదా 8 గంటలే పనిచేస్తుంది. పైగా అది చూపేది ఇంటిని కాదు, ఫోను ఎక్కడుంటే అక్కడ. యజమాని పూల కోసం గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్తే చుట్టాల కార్లూ అటే తిరుగుతాయి. రెండోది, గుర్తును స్థలం మధ్యలో పెట్టడం. మ్యాప్ దానికి దగ్గరగా ఉన్న రోడ్డుకు దారి చూపిస్తుంది, ఆ రోడ్డు వెనక ప్రహరీ పక్కది కావచ్చు. మ్యాప్‌లో గేటు ఉన్నచోట వేలు నొక్కిపట్టి, పడిన గుర్తునే పంపాలి. పంపాక ఆ లింకు పట్టుకుని ఎవరైనా ఒకసారి బండి మీద వెళ్లి చూస్తే అనుమానమే ఉండదు.

లింకును కార్డు బొమ్మలోనే అచ్చువేస్తే చాలామంది నొక్కి నొక్కి విసుగెత్తిపోతారు. బొమ్మ కింద విడిగా, అక్షరాల్లో పెట్టాలి. చీకట్లో వచ్చేవాళ్లకు రాత్రి కూడా కనిపించే గుర్తు కావాలి. పచ్చ రంగు గోడ నాలుగింటికి ఎవరికీ కనపడదు, పెట్రోల్ బంకు దీపాలు కనపడతాయి.

పార్కింగ్ గురించి రాయడం చాలామందికి తట్టదు. అపార్ట్‌మెంటులో భోజనాలు వడ్డించేది సాధారణంగా కింద సెల్లార్‌లోనే. అంటే రోజూ కార్లుండే చోట ఆ రోజు బల్లలుంటాయి. ఆవును తెచ్చే ట్రాలీ ఆటో, వంటవాళ్ల వ్యాను, టెంటు హౌస్ సామాను లారీ గేటు ముందే ఆగుతాయి. ముప్పై అడుగుల రోడ్డుకు రెండువైపులా చుట్టాల కార్లు పెడితే, ఏడింటికి స్కూలు బస్సు వచ్చేసరికి కాలనీ అంతా హారన్లే. ఇరుగుపొరుగుతో పరిచయం తగవుతో మొదలవుతుంది. పక్కనున్న ఖాళీ ప్లాటు యజమానిని ముందే అడిగి, వచ్చేవాళ్లకు చెప్పడం మేలు. కార్డులో ఇవన్నీ పట్టవు గనక, కింద ఇలా రాస్తే సరిపోతుంది:

"గృహప్రవేశం ఫిబ్రవరి 26 గురువారం తెల్లవారుజామున 4.12కి. అంటే 25 బుధవారం రాత్రే బయల్దేరాలి. గడప పూజకు 3.30కల్లా రండి. వ్రతం ఉదయం 9కి, భోజనాలు మధ్యాహ్నం 12.30 నుంచి. మీకు వీలైన వేళకు రండి. గేటు దగ్గర ఫ్లాట్ నంబరు 302 అని చెప్పండి. పెద్దవాళ్లను గేటు దగ్గర దించి, కారును ఎడమ పక్క సందులో రెండో ఖాళీ ప్లాటులో పెట్టండి. అక్కడ మా చిన్నబ్బాయి టార్చి పట్టుకుని ఉంటాడు. ఆ రోజు మేం ఫోన్ ఎత్తం, దారి కోసం మా తమ్ముడికి చేయండి."

ఆఖరి వాక్యం పక్కన తమ్ముడి నంబరు ఉండాలి, ఆ తమ్ముడు పీటల మీద కూర్చునే మనిషి కాకూడదు. అభినందనల వరదలో ఈ సందేశం పైకి కొట్టుకుపోకుండా గ్రూపులో పిన్ చేయవచ్చు. 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు అని మూడు గడువులుంటాయి. తప్పు దొర్లితే దిద్దుకోవడానికి 15 నిమిషాలే వ్యవధి. ఆ తర్వాత కొత్త సందేశం పెట్టి, పాతదాన్ని అందరికీ కనపడకుండా తొలగించాలి. లేకపోతే రెండు తేదీలూ గ్రూపులో తిరుగుతుంటాయి.

ఇంత రాసినా, "గ్రూపులో పడేసి ఊరుకున్నారు" అన్న మాట కొందరు మేనత్తల నోట రాకమానదు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. పెద్దవాళ్లను బొట్టు పెట్టి పిలవాలి, దూరాన ఉంటే కనీసం ఫోన్ చేసి పిలవాలి. గ్రూపు సందేశం ఆ పిలుపు తర్వాత వెళ్లాలి. ఫోన్ చేసినప్పుడు "బుధవారం రాత్రే బయల్దేరాలత్తయ్యా" అని ఒకటికి రెండుసార్లు చెప్పి, ఆవిడ చేత తిరిగి చెప్పించుకుని మరీ పెట్టేయండి.